మూడు పందేలు, ఐదు లెక్కలు

శ్రీను అనే మనిషిని ఊహించుకుందాం. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నలభై దాటిన వయసు. 2019లో గోవా మిరామర్ బీచ్ దగ్గర మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి ఈసారి పేరిచ్చాడు. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, ఆపైన 90 కిలోమీటర్ల సైకిలు, చివర 21.1 కిలోమీటర్ల పరుగు. మైళ్లలో కూడితే 70.3 వస్తుంది, పేరు అక్కణ్నుంచే వచ్చింది. ఇంట్లోవాళ్లూ గోవా వస్తామన్నారు. వాళ్లకు కావలసింది ఒక్కటే: "ఎన్నింటికి పూర్తి చేస్తావు? మేం ఎప్పుడొచ్చి నిలబడాలి?"

శ్రీను కాగితం తీశాడు. స్విమ్మింగ్ పూల్‌లో అతనికి 100 మీటర్లకు రెండున్నర నిమిషాలు పడుతుంది. పందెంలో అలాంటివి పంతొమ్మిది, అంటే 47 నిమిషాల 30 సెకన్లు. సైకిలు మీద సగటున గంటకు 27 కిలోమీటర్లు, కాబట్టి తొంభైకి 3 గంటల 20 నిమిషాలు. పరుగు కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు, మొత్తం 2 గంటల 17 నిమిషాలు. ఈ మూడూ కూడితే 6 గంటల 25 నిమిషాలు కూడా కాదు.

మొదటి పొరపాటు ఇక్కడే ఉంది. పందేలు మూడైనా గడియారం ఐదు ముక్కల్లో నడుస్తుంది. నీళ్లలోంచి బయటికొచ్చి సైకిలెక్కేదాకా ఒక ముక్క, దిగి పరుగు మొదలుపెట్టేదాకా మరొకటి. వీటిని టీ-1, టీ-2 అంటారు. కాలి చీలమండకు కట్టిన చిప్ ఒక్కో చాప దాటినప్పుడల్లా సమయం నమోదవుతుంది, మధ్యలో గడియారం ఆగే ప్రసక్తి లేదు. ఒడ్డు నుంచి సైకిళ్లున్న చోటికి తడి కాళ్లతో పరుగెత్తాలి. హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించాకే సైకిలును ముట్టుకోవాలి. గీత దాటేదాకా నెట్టుకుంటూ వెళ్లాలే తప్ప ఎక్కకూడదు. కొత్తవాళ్లు కూర్చుని కాళ్లకంటిన ఇసుక దులుపుకుంటారు, సాక్సు తొడుక్కుంటారు, నాలుగు గుక్కల నీళ్లు తాగుతారు. ఎనిమిది నిమిషాలు ఇట్టే పోతాయి.

ఇవి చిల్లర నిమిషాలనిపిస్తాయి కానీ, ఒక పోలిక చూడండి. ఈతలో 100 మీటర్లకు 10 సెకన్లు తగ్గించాలంటే పెద్దవయసులో నేర్చుకున్నవాడికి నెలల సాధన కావాలి. అంత కష్టపడితే ఈ దూరంలో మిగిలేది 3 నిమిషాల 10 సెకన్లు. సాక్సు తొడగడం, బూట్లు మార్చడం నాలుగు ఆదివారాలు ఇంటి వరండాలో అభ్యాసం చేసినా దాదాపు అంతే మిగలొచ్చు.

టీ-1కు 6, టీ-2కు 4 నిమిషాలు వేసుకుని శ్రీను మళ్లీ కూడాడు. 6 గంటల 34 నిమిషాల 39 సెకన్లు వచ్చింది. కూడిక తప్పు లేదు, కూడిన అంకెలు తప్పు.

పూల్‌లో 25 మీటర్లకోసారి గోడను తన్ని ముందుకు దూసుకుపోవచ్చు. సముద్రంలో గోడ లేదు, అడుగున గీతా లేదు. తల పైకెత్తి బోయా ఎక్కడుందో చూసుకుంటూ వంకర టింకరగా ఈదితే 1,900 మీటర్లు కాస్తా 2,050 అవుతాయి. వంద మీటర్లకు 2 నిమిషాల 40 సెకన్లు అనుకుంటే 54 నిమిషాల 40 సెకన్లు. ఏడు నిమిషాలు అక్కడే కరిగిపోయాయి.

సైకిలు సగటు ఇంకా మోసకారి. సిగ్నల్ దగ్గర ఆగినా, టీ తాగడానికి ఆగినా చేతి వాచీ తనంతట తానే లెక్క ఆపేస్తుంది, ఆ పైన 27 అని గొప్పగా చూపిస్తుంది. పందెంలో ఆ సౌకర్యం లేదు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో తొక్కిన వేగం గోవా ఎండలో వస్తుందన్న నమ్మకమూ లేదు. పైగా వేగాలను సగటు చేయడంలో ఒక చిక్కుంది. గాలి వాలుగా ఉంటే 45 కిలోమీటర్లు 30 వేగంతో, ఎదురుగాలిలో మిగతా 45 కిలోమీటర్లు 20 వేగంతో తొక్కాడనుకోండి. సగటు 25 అనిపిస్తుంది. కానీ మొదటి సగానికి గంటన్నర, రెండో సగానికి రెండుంబావు గంటలు, వెరసి మూడుంముప్పావు. అంటే సగటు 24 మాత్రమే. నెమ్మదిగా తొక్కేటప్పుడు ఎక్కువసేపు రోడ్డు మీద ఉంటాం కాబట్టి, వాలుగాలిలో సంపాదించిన నిమిషాలు ఎదురుగాలిలో పోగొట్టుకున్నవాటికి చాలవు. అందుకే కూడవలసింది కాలాన్ని, వేగాన్ని కాదు. ఇంకో జాగ్రత్త, కాలిక్యులేటర్ 3.75 గంటలు అంటే 3 గంటల 45 నిమిషాలు. దాన్ని 3 గంటల 75 నిమిషాలుగా రాసుకున్నవాళ్లనూ చూశాను.

సర్దుకుని సైకిలుకు 25 వేద్దాం, 3 గంటల 36 నిమిషాలు. టీ-1కు 8, టీ-2కు 5. ఇక పరుగు. ఆరున్నర నిమిషాల వేగం నిద్రలేచి తాజా కాళ్లతో పరుగెత్తినది. సైకిలు దిగిన కాళ్లు వేరే కాళ్లు, మొదటి రెండు కిలోమీటర్లు అవి మనవేనా అనిపిస్తుంది. దీన్ని కనిపెట్టే దారి ఉంది. మూడు గంటలు తొక్కి, దిగిన వెంటనే 8 కిలోమీటర్లు పరుగెత్తి చూడాలి. ఆ సాధనను బ్రిక్ అంటారు, అక్కడొచ్చిన అంకెనే కాగితం మీద వేసుకోవాలి. శ్రీనుకు 7 నిమిషాల 15 సెకన్లు వచ్చిందనుకుందాం. పరుగు 2 గంటల 32 నిమిషాల 58 సెకన్లు, మొత్తం 7 గంటల 16 నిమిషాల 38 సెకన్లు. మొదటి అంచనాకూ దీనికీ తేడా 42 నిమిషాలు.

అయినా కూడికకు తెలియని సంగతి ఒకటుంది. అది ఐదు ముక్కలనూ దేనికది వేరనుకుంటుంది. కానీ సైకిలు డబ్బాకు, పరుగు డబ్బాకు అడుగున గొట్టం ఉంది. పందెం ఉత్సాహంలో శ్రీను 25కు బదులు 27తో తొక్కేశాడనుకోండి, 16 నిమిషాలు మిగిలాయి. దాని ఫలితంగా పరుగు కిలోమీటరుకు 7 నిమిషాల 15 సెకన్ల నుంచి 8 నిమిషాలకు జారితే, 21.1 కిలోమీటర్లకు పోయేది 15 నిమిషాల 49 సెకన్లు. మొత్తం మీద లాభం పదకొండు సెకన్లు! 27తో తొక్కి పరుగునూ 7:15లో పెట్టుకుని కూడితే కాగితం మీద 7 గంటలు వస్తుంది, ఆ ఏడు గంటలు రోడ్డు మీద కనబడవు. సైకిలు వేగం పెంచి రాసుకున్నవాడు ఆ వేగంతో బ్రిక్ చేసి చూడకపోతే, పరుగు అంకెను నమ్మే హక్కు అతనికి లేదు.

మరి ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలి? ఒక్క అంకె కాకుండా, 7 గంటల నుంచి ఏడున్నర దాకా అని చెప్పడం నయం. ఇంకో చిన్న మెలిక, ఈతకు అందరినీ ఒక్కసారి వదలరు. కొందరు కొందరుగా పంపుతారు, ఎవరి చిప్ గడియారం వాళ్లు చాప దాటినప్పుడే మొదలవుతుంది. ఉదయం ఏడింటికి పోటీ మొదలై, శ్రీను వంతు ఏడుంబావుకు వచ్చిందంటే ముగింపు గీత దగ్గర వెతకాల్సింది రెండుంబావు నుంచి పావు తక్కువ మూడు మధ్య. రెండింటికే వచ్చి నీడ చూసుకుని కూర్చోమని, గొడుగు మరచిపోవద్దని శ్రీను వాట్సాప్‌లో పెట్టాడు.