పరిశోధనా వ్యాసంలో క్రియాకాలం: పద్ధతులు, ఫలితాలు, చర్చ

చెన్నూరు మండలంలోని ఒక నల్లరేగడి చేనులో వర్షాధార పత్తిపై ఒకే ఒక వానాకాలంలో జరిగిన ప్రయోగాన్ని ఊహించుకోవచ్చు. కొన్ని మడుల్లో 90×60 సెంటీమీటర్ల దూరంలో, మరికొన్నింటిలో 90×20 సెంటీమీటర్ల దూరంలో విత్తారు. మొదటి పద్ధతిలో హెక్టారుకు సుమారు 18,500 మొక్కలు, రెండవ దానిలో సుమారు 55,500 మొక్కలు వస్తాయి. దూరం తగ్గిన మడుల్లో దిగుబడి ఎక్కువగా వచ్చింది. కాయ బరువులో గణాంకపరంగా చెప్పుకోదగిన తేడా తేలలేదు. ఇంతవరకు వాస్తవం. దీనిని వ్యాసంగా రాసేటప్పుడు క్రియ ఏ రూపంలో ఉన్నదనే దాన్నిబట్టి పాఠకుడు గ్రహించే అర్థం మారిపోతుంది.

పద్ధతుల భాగంలో జరిగిన పనిని చెప్పాలి కనుక భూతకాలం తప్పనిసరి. అయితే విస్తరణ శాస్త్రవేత్తల చేయి ‘విత్తాలి’, ‘వేయాలి’ అనే సిఫారసు రూపానికి అలవాటు పడి ఉంటుంది. ‘తగినంత వర్షం పడిన తరువాత విత్తాలి’ అని పద్ధతులలో ఉంటే, ఆ ప్రయోగంలో నిజంగా వర్షం పడిన తరువాతే విత్తారా లేదా అన్నది తెలియదు. ‘విత్తుతారు’ అంటే అది ఆ ప్రాంత రైతుల అలవాటు అవుతుంది. ఈ మూడూ ఒకే పేరాలో రావచ్చు, కానీ దేని రూపం దానికి ఉండాలి: ‘ఈ ప్రాంత రైతులు 90×60 దూరంలో విత్తుతారు. ప్రయోగంలో దీనితోపాటు 90×20 దూరంలోనూ విత్తారు.’ ప్రయోగ స్థలాన్ని వర్ణించేటప్పుడు మాత్రం కొంత సడలింపు ఉన్నది. ‘నేల నల్లరేగడి’ అన్న వాక్యానికి క్రియే అక్కరలేదు. నేల నేటికీ అదే. విత్తడానికి ముందు తీసిన మట్టి నమూనాలోని నత్రజని అలా కాదు. అది ఆనాటి కొలత కాబట్టి ‘తక్కువగా ఉండింది’ అనాలి. ‘విత్తబడినది’, ‘విత్తడం జరిగింది’ అనే రూపాలు వాక్యాన్ని పొడిగిస్తాయే తప్ప కాలాన్ని చెడగొట్టవు.

ఫలితాలలో అసలు చిక్కు వ్యతిరేక క్రియ దగ్గర వస్తుంది. ‘కాయ బరువులో తేడా లేదు’ అన్న వాక్యంలోని ‘లేదు’ ఏ కాలానికీ కట్టుబడదు. రెండు పద్ధతులకూ ఎప్పటికీ తేడా ఉండదని ధ్వనిస్తుంది. ఆ కొద్ది మడుల్లో, ఆ కొద్ది కొలతలలో తేడా బయటపడలేదన్నదే ప్రయోగం చెప్పగలిగిన మాట. కాబట్టి ‘చెప్పుకోదగిన తేడా కనిపించలేదు’ అనాలి. ‘బరువు తగ్గదు’ అనడం ఇంకా పెద్ద తప్పు. ‘తగ్గలేదు’ అన్నది పరిశీలన, ‘తగ్గదు’ అన్నది సూత్రం. పట్టికను ప్రస్తావించే వాక్యం ఒక్కటే వర్తమానంలో ఉండవచ్చు: ‘పట్టిక 2 దిగుబడులను చూపుతున్నది.’ పట్టిక పాఠకుడి ఎదుటే ఉన్నది మరి.

చర్చలో తెలుగుకే ప్రత్యేకమైన సమస్య ఒకటి ఉన్నది. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం భూత, వర్తమాన, భవిష్యత్తులతోపాటు తద్ధర్మాన్ని వేరుగా గుర్తించింది. ‘వండును’ స్వభావాన్ని, అలవాటును చెబితే, ‘వండఁగలఁడు’ రాబోయే పనిని చెప్పేది. నేటి వ్యవహారంలో ‘వండుతాడు’ అన్న ఒక్క రూపమే ఈ రెండు పనులూ చేస్తున్నది. అందువల్ల ‘దూరం తగ్గిస్తే దిగుబడి పెరుగుతుంది’ అన్న వాక్యం ఒకే ఊపిరిలో శాస్త్ర సూత్రమూ అవుతుంది, వచ్చే ఏటి హామీ కూడా అవుతుంది. ఆ వాక్యం కరపత్రంలోకి ఎక్కితే, కుదురుకు ఒక గింజ వేసే రైతు సైతం మూడింతల విత్తనం కొనవలసి వస్తుంది. గుబురుగా పెరిగే రకం వేసుకున్నవారికి ఆ ఖర్చు తిరిగి రాకపోవచ్చు.

సరిదిద్దాలంటే ఆ ఒక్క వాక్యాన్ని మూడుగా విడదీయాలి. ‘ఈ వానాకాలంలో దూరం తగ్గిన మడుల్లో దిగుబడి పెరిగింది. మొక్కలు దగ్గరగా ఉన్నప్పుడు ఆకులు నేలను త్వరగా కప్పుతాయి. పెరుగుదలకు ఇది ఒక కారణం కావచ్చు. తక్కువ కొమ్మలతో నిటారుగా పెరిగే ఇతర రకాలలోనూ ఇటువంటి ఫలితం రావచ్చు. గుబురు రకాలను ఇక్కడ పరీక్షించలేదు.’ మొదటిది పరిశీలన కనుక భూతకాలం. ఆకులు కప్పడం అంతకుముందే స్థిరపడిన విషయం కనుక తద్ధర్మం సరిపోతుంది. మిగిలినవి ఊహలు, అక్కడ ‘వచ్చు’ ఉండాలి. అయితే ప్రతి వాక్యానికీ ‘వచ్చు’ తగిలిస్తే తాను కొలిచిన దిగుబడిపై కూడా రచయితకు నమ్మకం లేదనిపిస్తుంది.

అనుమానం కలిగిన చోట ఒక పరీక్ష ఉన్నది. క్రియకు ముందు ‘ప్రతి వానాకాలంలోనూ’ అని ఒకసారి, ‘వచ్చే ఏడాది’ అని మరోసారి చేర్చి చదవాలి. ఆ రెండింటిలో ఏది అతికినా, రచయిత చేతిలో ఉన్నది ఒక్క కాలపు లెక్కలే అయితే, ఆ క్రియను మార్చవలసిందే. అందరికంటే ఎక్కువమంది చదివేది సారాంశమే కనుక ఈ పరీక్షను దాని చివరి వాక్యంతో మొదలుపెట్టడం మేలు.