బీపీ ఏళ్ల తరబడి ఎందుకు బయటపడదు?

హొసూరు దగ్గర ఒక పల్లెలో జరిగిన వైద్య శిబిరంలో యాభై ఏళ్ల రైతుకు బీపీ 170/104 వచ్చింది. “నాకే నొప్పీ లేదమ్మా, మిషనే తప్పు” అన్నాడాయన. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 166/102. అప్పుడు ఆరోగ్య కార్యకర్త అందరికీ తెలుగులోనే విడమరచి చెప్పింది.

“మెడ రక్తనాళాల్లో బీపీని కనిపెట్టే నరాలున్నాయి అన్నా. అది ఏళ్ల మీద కొంచెం కొంచెంగా పెరిగితే, అవి ఆ ఎక్కువనే మామూలని లెక్కేసుకుంటాయి. గుండె తన గోడను మందం చేసుకుని పని నెట్టుకొస్తుంది. కిడ్నీలు చాలావరకు చెడేదాకా పైకి తెలియనివ్వవు. అందుకే తలనొప్పి వస్తే చూద్దామని కూర్చోకూడదు.

ఒక్కసారి చూసి జబ్బని తేల్చం. ఇంకో రోజు చూసినా 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే మందు సంగతి డాక్టరు చెప్తారు. మాత్రతో తగ్గిందని మీరే ఆపేస్తే, అది మళ్లీ చప్పుడు లేకుండానే ఎక్కుతుంది.”

రైతును మరునాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రమ్మంది. మందు మొదలైతే, తమిళనాడులో 2021 నుంచి నడుస్తున్న ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద మాత్రలు ఇంటికే తెచ్చిస్తారని చెప్పింది.