ప్లాన్‌లో ఒకటి, స్థలంలో ఇంకొకటి: రెరాకు ఫిర్యాదు ఎలా రాయాలి?

బిల్డర్ మోసం చేశాడని నాలుగు పేజీలు రాసి రెరాకు పంపేవాళ్లు చాలామందే. ఆ నాలుగు పేజీల్లో శాంక్షన్ ప్లాన్‌లో ఏముందో, స్థలంలో ఏం కట్టారో చెప్పే వాక్యం ఎంత వెతికినా దొరకదు. ప్లాన్ తప్పి కట్టారన్న ఫిర్యాదుకు మాత్రం ఆ పోలికే ప్రాణం.

ముందు చేతికి రావాల్సింది మున్సిపల్ ముద్ర ఉన్న శాంక్షన్ ప్లాన్. రంగుల బ్రోషర్ దాని బదులు పనికిరాదు. 2016 నాటి రెరా చట్టం 19వ సెక్షన్ ప్రకారం మంజూరైన ప్లాన్ల వివరాలు పొందడం కొనుగోలుదారు హక్కు. ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ అయిన కాగితాలూ చూసుకోవచ్చు. తెలంగాణలో 2017 జనవరి 1కి ముందు పర్మిషన్ తీసుకున్న ప్రాజెక్టులను రూల్స్ పరిధిలోంచి తప్పించారు కాబట్టి పర్మిషన్ తేదీ కూడా అప్పుడే చూసుకోవాలి.

ఊహకు ఒక అపార్ట్‌మెంట్ తీసుకుందాం. 40 ఫ్లాట్లు, అన్నీ అమ్ముడయ్యాయి. పిల్లల ఆటస్థలంగా ప్లాన్‌లో చూపించిన టాట్‌లాట్‌లో కొంత మేర షట్టర్ల గదులు లేచాయి. ఫిర్యాదులో ఆ సంగతి ఇలా ఉంటే చాలు:

“మంజూరైన ప్లాన్‌లో పడమర వైపు టాట్‌లాట్ 120 చదరపు మీటర్లు. స్థలంలో కొలిస్తే 74 ఉంది. మిగతా 46 చదరపు మీటర్లలో రెండు షట్టర్ల గదులు కట్టారు. ఈ మార్పుకు కొనుగోలుదారుల లిఖితపూర్వక సమ్మతి తీసుకోలేదు. అనుబంధం 1లో ప్లాన్, 2లో ఇంజనీరు కొలతల రిపోర్టు, 3లో తేదీలతో ఫొటోలు ఉన్నాయి.”

ఇందులో కోపం లేదు, విశేషణాలు లేవు. కాదనాలంటే బిల్డర్ టేపు పట్టుకుని రావాలి. ఆ కొలతలు లైసెన్సున్న ఇంజనీరుతో తీయించి సంతకం పెట్టించుకుంటే ఇంకా గట్టిది.

సమ్మతి మాట ఊరికే రాయలేదు. 14వ సెక్షన్‌లోని అసలు పట్టు అక్కడే ఉంది. మీ ఫ్లాటు లోపల మార్పు చేయాలంటే మీ ముందస్తు సమ్మతి ఉండాలి; నిర్మాణ అవసరం కోసం ఆర్కిటెక్టో ఇంజనీరో ధ్రువీకరించిన చిన్న మార్పులకు మీకు తెలియజేస్తే సరిపోతుంది. బిల్డింగులోనో ఉమ్మడి స్థలంలోనో మార్పు అయితే బిల్డర్‌ను మినహాయించి కొనుగోలుదారుల్లో కనీసం మూడింట రెండు వంతుల మంది ముందుగా రాసివ్వాలి. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఒకే మనిషి తన పేరునా ఇంట్లోవాళ్ల పేర్లనా ఎన్ని ఫ్లాట్లు కొన్నా ఒక్కరి కిందే లెక్క. మన అపార్ట్‌మెంట్‌లో ఒకాయనకు 5 ఫ్లాట్లు ఉంటే కొనుగోలుదారులు 40 కాదు, 36. అంటే 24 సంతకాలు కావాలి. ఆయనవి 5 సంతకాలుగా చూపిస్తే ఆ విషయం ఫిర్యాదులోనే ఎత్తిచూపాలి.

తర్వాత ఏం కావాలో అడగడం. ఇక్కడ దారులు రెండు. గదులు తీయించి టాట్‌లాట్‌ను ప్లాన్ ప్రకారం పునరుద్ధరించమనీ, బిల్డర్‌పై చర్య తీసుకోమనీ అడిగేది ఫారం-ఎంలో, అథారిటీకి. జరిగిన నష్టానికి పరిహారం అడిగేది ఫారం-ఎన్‌లో, అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌కు. పరిహారం తేల్చేది అడ్జుడికేటింగ్ ఆఫీసరేనని 2021లో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రెండూ ఒకే కాగితంలో కలిపి రాస్తే పరిహారం సంగతి అక్కడే ఆగిపోవచ్చు. 61వ సెక్షన్ కింద ప్రాజెక్టు అంచనా వ్యయంలో 5 శాతం దాకా జరిమానా వేయొచ్చు గానీ, అది ప్రభుత్వ ఖాతాకు పోతుంది, మీ చేతికి రాదు.

చాలామంది వదిలేసేది మధ్యంతర ఉత్తర్వు. తీర్పు వచ్చేలోగా ఆ షట్టర్లను ఎవరికో అమ్మేస్తే చిక్కు ఇంకో మెట్టు ముదురుతుంది. 36వ సెక్షన్ కింద అమ్మకం, అద్దె ఆపమని ఫిర్యాదుతోపాటే కోరాలి. ఇదే విషయం ఏ కోర్టులోనూ పెండింగ్‌లో లేదని ఫారంలో డిక్లరేషన్ కూడా ఇవ్వాలి కాబట్టి, సివిల్ కేసు నడుస్తుంటే దాచకూడదు.

విచారణలో బిల్డర్ సాధారణంగా రివైజ్డ్ ప్లాన్ తీస్తాడు, మున్సిపాలిటీ ఒప్పుకుందంటాడు. మున్సిపాలిటీ అనుమతి కొనుగోలుదారుల సమ్మతికి ప్రత్యామ్నాయం కాదన్నది మీ జవాబు. అయితే ఆ ప్లాన్ మీద తేదీ చూడండి. మీ సేల్ అగ్రిమెంట్ కంటే ముందే రివైజ్ అయి, ఆ ప్లాన్‌నే అగ్రిమెంట్‌లో చూపించి ఉంటే, సమ్మతి లేదన్న వాదన అక్కడే బలహీనపడుతుంది. అగ్రిమెంట్ తర్వాతి తేదీ అయితే 24 సంతకాలూ చూపించమని అడగండి.