ముందుగా కొంత కట్టాక ఈఎంఐ తగ్గించుకోవాలా, గడువా?

బోనస్ వచ్చిందనో, ఊళ్లో స్థలం అమ్మిన వాటా చేతికందిందనో ఇంటి అప్పులో కొంత ముందే కట్టేయాలనుకుంటారు చాలామంది. బ్యాంకులో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘ఈఎంఐ తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా?’ అక్కడికక్కడ తోచింది చెప్పేస్తే లక్షల్లో తేడా వస్తుంది.

విజయవాడలో ఒక కుటుంబం 9 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో 30 లక్షలు అప్పు తీసుకుందనుకుందాం. నెలకు 26,992 రూపాయల వాయిదా. నాలుగేళ్లలో కట్టింది దాదాపు 12.96 లక్షలు. అందులో అసలు కింద జమైంది 2.58 లక్షలే, మిగతాదంతా వడ్డీ. ఇంకా 27.42 లక్షల బాకీ, 192 వాయిదాలు ఉన్నాయి. ఇప్పుడు వాళ్లు 3 లక్షలు కడుతున్నారు.

గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించమంటే, వాయిదా 24,038కి దిగుతుంది. నెలకు 2,954 మిగులు. గడువు ముగిసేసరికి ఆదా అయ్యే వడ్డీ 2.67 లక్షలు. అదే పాత వాయిదానే కడుతూ గడువు తగ్గించమంటే, అప్పు 152 నెలల్లో తీరిపోతుంది. అంటే 40 నెలల ముందే. ఆదా అయ్యే వడ్డీ 7.84 లక్షలు!

కట్టింది అదే 3 లక్షలైనా ఇంత తేడా ఎందుకు? ఈఎంఐ తగ్గించుకుంటే నెలనెలా 2,954 చేతికి తిరిగొస్తోంది. గడువు తగ్గిస్తే అది కూడా అసలులోకే వెళ్తోంది. కాబట్టి అసలు చూడాల్సింది ఆ 2,954 ఏమవుతుందన్నదే. ఇంటి ఖర్చుల్లో కలిసిపోయేటట్టయితే గడువు తగ్గించుకోవడమే మేలు.

అలాగని అందరికీ అదే సరిపోదు. ఒకరి జీతం ఆగిన ఇంట్లో, ఆదాయం నెలకోలా వచ్చే వ్యాపారికి చిన్న వాయిదా పెద్ద ఊరట. వాయిదా తప్పితే జరిమానాతోపాటు క్రెడిట్ స్కోరూ దెబ్బతింటుంది. వాళ్లకు మధ్యేమార్గం ఉంది. ఈఎంఐ తగ్గించుకుని, వీలున్న నెలల్లో ఆ 2,954ను అసలుకు జమ చేయడం. ప్రతి నెలా చేయగలిగితే అప్పు అదే 152 నెలల్లో తీరుతుంది. అంత చిన్న మొత్తాలు బ్యాంకు తీసుకుంటుందో లేదో ముందే అడగాలి. వ్యక్తులు తీసుకున్న మారే వడ్డీ ఇంటి అప్పులపై ముందస్తు చెల్లింపు రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. స్థిర వడ్డీ అప్పయితే ఒప్పందపత్రం చూసుకోవాలి.

ఏది కోరినా రాతపూర్వకంగా ఇవ్వాలి. కట్టిన డబ్బు అసలుకు కాకుండా రాబోయే వాయిదాలకు అడ్వాన్సుగా జమైతే ఆశించిన లాభం రాదు. అందుకే కొత్త చెల్లింపు పట్టిక తీసుకుని చూడాలి. ఈ కుటుంబం గడువు తగ్గించమని కోరితే, అందులో బాకీ 24.42 లక్షలు, వాయిదా 26,992, మిగిలిన నెలలు 152 అని ఉండాలి. నెలల దగ్గర ఇంకా 192 కనిపిస్తే ఆ రోజే బ్రాంచికి వెళ్లి సరిచేయించుకోవాలి.