టార్గెట్ తప్పినప్పుడు దాతకు ఏం రాయాలి?

2018 నవంబరులో ఎవిడెన్స్ యాక్షన్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ ఒక ప్రకటన చేసింది. బంగ్లాదేశ్‌లో తాము నడుపుతున్న ‘నో లీన్ సీజన్’ కార్యక్రమం అనుకున్న ఫలితం ఇవ్వలేదని, కారణం తేలేదాకా దానికోసం కొత్తగా విరాళాలు అడగబోమని అందులో చెప్పింది. సరిగ్గా ఏడాది కిందటే ఈ కార్యక్రమాన్ని గివ్‌వెల్ సంస్థ తన మేలైన కార్యక్రమాల జాబితాలో చేర్చింది. ఎవరికి విరాళం ఇస్తే ఎక్కువ మేలు జరుగుతుందో లెక్కగట్టి చెప్పే సంస్థ అది. ఆ జాబితాలో చోటు దొరకడమంటే నిధులకు కొన్నేళ్లపాటు ఢోకా లేనట్టే. అలాంటి చోటును వదులుకోవడానికి ఎవిడెన్స్ యాక్షన్ తానే ఒప్పుకుంది.

స్వచ్ఛంద సంస్థల్లో ప్రోగ్రామ్ మేనేజర్లు ఆరు నెలలకో, ఏడాదికో దాతకు ప్రోగ్రెస్ రిపోర్టు పంపుతారు. ఇచ్చిన డబ్బుతో ఏం చేస్తామన్నాం, ఏం చేశాం, ఎంత మిగిలింది అన్నది చెప్పే పత్రం అది. టార్గెట్ అందుకున్న ఏడాది ఆ రిపోర్టు ఎవరైనా రాస్తారు. తప్పిన ఏడాది ఎలా రాయాలో తెలుసుకోవడానికి ఈ బంగ్లాదేశ్ కథను మించిన పాఠం నాకు కనబడలేదు.

బంగ్లాదేశ్ వాయవ్యాన రంగ్‌పూర్ ప్రాంతం ఉంది. అక్కడ ఆమన్ వరి నాట్లు అయిపోయాక కోతలు మొదలయ్యేదాకా, అంటే సుమారు సెప్టెంబరు నుంచి నవంబరు వరకు, కూలీలకు పని దొరకదు. ఇంట్లో గింజలు అడుగంటుతాయి. ఆ ఆకలి కాలాన్ని అక్కడివాళ్లు మొంగా అంటారు. పని పట్నంలో ఉంది, కానీ బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్లాక పని దొరక్కపోతే ఉన్నదీ పోతుందని పేదలు భయపడతారు. 2008లో గరద్ బ్రయాన్, శ్యామల్ చౌధురి, ముష్ఫిక్ మొబారక్ అనే ఆర్థికవేత్తలు వంద ఊళ్లలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఊళ్లలో కుటుంబానికి 600 టాకాలు, అంటే ఎనిమిదిన్నర డాలర్లు, వలస వెళ్లడం కోసమే అని చెప్పి ఇచ్చారు. కొన్ని ఊళ్లలో ఏమీ ఇవ్వలేదు. డబ్బు అందని ఊళ్లలో 36 శాతం కుటుంబాల నుంచి ఎవరో ఒకరు వలస వెళ్తే, అందిన ఊళ్లలో 58 శాతం కుటుంబాల నుంచి వెళ్లారు. అలా వెళ్లినవాళ్ల ఇళ్లలో తిండి మెరుగుపడింది. మరుసటి ఏడాది డబ్బేమీ ఇవ్వకపోయినా వాళ్లలో కొందరు మళ్లీ వెళ్లారు.

ఎవిడెన్స్ యాక్షన్ ఈ ఆలోచనను పెద్ద ఎత్తున అమలుకు తెచ్చింది. ఉచితంగా ఇచ్చే డబ్బు బదులు వడ్డీ లేని చిన్న అప్పు పెట్టి, స్థానిక సంస్థ ఒకదాని ద్వారా 2017లో లక్షకు పైగా కుటుంబాలకు ఇవ్వజూపింది. దాంతోపాటు కొన్ని ఊళ్లను పోలిక కోసం పక్కన పెట్టి కొలిపించింది. అప్పు ఇచ్చిన ఊళ్లకూ ఇవ్వని ఊళ్లకూ వలసలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. వలసే పెరగనప్పుడు తిండీ ఆదాయం పెరిగే ప్రసక్తి లేదు.

ఈ కొలత లేకపోతే ఆ ఏడాది రిపోర్టు ఎలా ఉండేదో ఊహించండి. ఇన్ని వేల అప్పులిచ్చాం, తీసుకున్నవాళ్లలో ఇంతమంది వలస వెళ్లి సంపాదించుకున్నారు అని రాసేవాళ్లు. అందులో ఒక్క అబద్ధమూ ఉండేది కాదు. పట్నంలో పని దొరికిన కూలీ ఫొటో కూడా నిజమైనదే అయ్యుండేది. దాచిపెట్టకుండానే దాగిపోయేది ఒక్కటే: ఆ అప్పు ఇవ్వకపోయినా వాళ్లు వెళ్లేవాళ్లు.

టార్గెట్ తప్పిందని రాసేటప్పుడు అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఇదే. అప్పు ఇవ్వడం మన పని. అప్పు వల్ల మనిషి బయల్దేరడం, పని దొరకడం, ఇంటికి డబ్బు రావడం ఆ తర్వాతి మెట్లు. మొదటి మెట్టు లెక్క ఆఫీసు రిజిస్టర్లోనే ఉంటుంది కాబట్టి రిపోర్టులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఏ మెట్టు దగ్గర విరిగిందో చెప్పని రిపోర్టు, టార్గెట్ తప్పిందని ఎంత వినయంగా ఒప్పుకున్నా, దాతకు పనికిరాదు.

రంగ్‌పూర్ విషయంలో నెపం వెయ్యడానికి వరద సిద్ధంగా ఉంది. 2017 ఆగస్టులో ఉత్తర బంగ్లాదేశ్‌ను భారీ వరదలు ముంచాయి. కానీ వరద అప్పు ఇచ్చిన ఊళ్లకూ ఇవ్వని ఊళ్లకూ ఒకేలా వస్తుంది. తేడా ఎందుకు లేదన్న ప్రశ్నకు అదొక్కటే జవాబు కాలేదు. తర్వాత మొబారక్, ఆయన సహచరులు లోతుగా చూస్తే అప్పు ఇచ్చే ఉద్యోగుల దగ్గర అసలు కిటుకు కనబడింది. ఎటూ వలస వెళ్లేవాళ్లనే వాళ్లు ఎక్కువగా ఎంచుకున్నారు. ఆ ఉద్యోగి వైపు నుంచి ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. వెళ్లాలా వద్దా అని ఊగిసలాడే మనిషిని ఒప్పించడం కష్టం, అతను వెళ్లకపోతే అప్పు తిరిగి వస్తుందన్న నమ్మకమూ ఉండదు. ఏటా వెళ్లేవాడైతే సంతకం పెట్టి డబ్బు తీసుకుంటాడు. కానీ కార్యక్రమం పుట్టిందే ఆ ఊగిసలాడే మనిషి కోసం. 2018లో పద్ధతులు మార్చి మళ్లీ ప్రయత్నించారు. ఫలితం ఆశించినట్టు లేకపోవడం, స్థానిక సంస్థతో సంబంధం తెగిపోవడంతో 2019 జూన్‌లో కార్యక్రమాన్ని మూసేస్తున్నామని, ఎందుకో వివరిస్తూ ప్రకటించారు.

అంత పెద్ద పరిశోధన చేయించే స్తోమత మన జిల్లాల్లో పనిచేసే సంస్థలకు ఉండదు. అయినా అదే విచారణ చిన్న స్థాయిలో చేయవచ్చు. వలసలకు పేరుపడ్డ పాలమూరులో ఒక సంస్థ ఇరవై ఊళ్లలో సాయంత్రం ట్యూషన్ కేంద్రాలు నడుపుతోందని అనుకుందాం. ఇది నేను లెక్క కోసం అల్లిన ఉదాహరణ. ఒప్పందం ప్రకారం 600 మంది పిల్లలు ఏడాది పొడవునా క్రమం తప్పకుండా రావాలి. బడ్జెట్ 18 లక్షలు, అంటే పిల్లకు 3,000. మార్చికి లెక్క చూస్తే అలా వచ్చినవాళ్లు 390. రిజిస్టర్లో మాత్రం 640 పేర్లున్నాయి, ఎందుకంటే ఒక్కరోజు వచ్చినా పేరు ఎక్కుతుంది.

ఇక్కడే చెయ్యి వణుకుతుంది. ‘640 మంది పిల్లలకు చేరువయ్యాం’ అని రాస్తే వాక్యం నిజమే, టార్గెట్ దాటినట్టూ ఉంటుంది. లేదా మధ్యలో టార్గెట్‌ను 400కు దించి, అసలు సంఖ్యను పట్టికలోంచి తీసేసి, 97.5 శాతం సాధించామని చూపొచ్చు. రిపోర్టులు చదివే అలవాటున్నవాళ్లు మొదట వెతికేది ఈ రెండింటినే: కొలిచే మాట మారిందా, పాత సంఖ్య మాయమైందా. నా దృష్టిలో ఒప్పందంలోని మొదటి సంఖ్య చివరి రిపోర్టుదాకా ఆ పట్టికలో ఉండి తీరాలి. సవరించిన టార్గెట్ దాని పక్కన ఇంకో గడిలో వస్తుంది.

తరువాత ఆ తగ్గిన 210 మందిని విడదీయాలి. ఆరు ఊళ్ల నుంచి 120 మంది దసరా అయ్యాక అమ్మానాన్నలతో వలస వెళ్లిపోయారు. మూడు ఊళ్లలో పంతులు మానేసి రెండు నెలలు ఎవరూ దొరక్క కేంద్రం మూతపడింది, అక్కడ 60 మంది చెదిరిపోయారు. మిగతా 30 మంది ఎందుకు మానేశారో తెలీదు. ఆ ‘తెలీదు’ అన్న మాట రిపోర్టులో అలాగే రాయాలి. ప్రతి తలకూ ఒక కారణం అతికిన రిపోర్టును నేను నమ్మను.

మూడు కారణాలకూ బాధ్యత ఒకటి కాదు. వలస ఏటా వచ్చేదే. పిల్లలందరూ ఊళ్లో ఉన్న జులైలో తలలు లెక్కపెట్టి 600 అని రాసుకోవడం సంస్థ చేసిన తప్పు, కాబట్టి ‘వలసల వల్ల’ అని రాసి చేతులు దులుపుకోకూడదు, టార్గెట్ వేసుకోవడమే తప్పింది అని రాయాలి. పంతులు మానేయడం గౌరవవేతనం చాలకా, జీతం ఆలస్యమయ్యా అన్నది ఆఫీసుకు తెలుసు. అది నిర్వహణ లోపం. ఒకటి ఊరి సంగతి, ఇంకొకటి మన సంగతి. రెండింటినీ ‘క్షేత్రస్థాయి సవాళ్లు’ అనే ఒకే శీర్షిక కింద కలిపేస్తే వచ్చే ఏడాది ఏం మార్చాలో ఎవరికీ అర్థం కాదు.

డబ్బు లెక్క కూడా అదే పేజీలో రావాలి. పిల్లలు తగ్గినా కేంద్రం అద్దె, పంతులు వేతనం తగ్గవు. ఖర్చు 15 లక్షల 60 వేలు అయిందంటే పిల్లకు 4,000 పడింది. ఈ సంఖ్యను దాత తానే భాగించి కనుక్కునేదాకా ఆగకూడదు. మిగిలిన 2 లక్షల 40 వేలతో ఏం చేయాలనుకుంటున్నామో అడగాలి: వలస ఊళ్లు ఆరింటిలో చలికాలం కేంద్రం ఆపేసి, ఆ డబ్బుతో తాతలు, అమ్మమ్మల దగ్గర ఉండిపోయే పిల్లలకు భోజనం, రాత్రి బస ఏర్పాటు చేస్తాం, టార్గెట్ 480, మీరు ఒప్పుకుంటారా? ఇలా అడిగితే దాత అవునో కాదో చెప్పగలుగుతాడు.

మన దేశంలో ఈ అడగడానికి గడువు ఉంది. దాత కంపెనీ అయి, ఆ డబ్బు కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద ఇచ్చే సామాజిక బాధ్యత నిధి అయితే, ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టులో ఖర్చుకాని సొమ్మును కంపెనీ 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాకు మార్చాలి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చుపెట్టాలి. అలాంటి ప్రాజెక్టు కాకపోతే ఆరు నెలల్లో ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి వంటి, చట్టం పేర్కొన్న నిధికి జమ చేయాలి. ఇచ్చిన డబ్బు చెప్పిన పనికే వాడారని కంపెనీ ఆర్థిక అధికారి ధ్రువీకరించాలి కూడా. అందుకే మార్చి నెలలో ‘ఎలాగైనా ఖర్చు చూపండి’ అన్న ఒత్తిడి వస్తుంది, అవసరం లేని శిక్షణ శిబిరాలు పుడతాయి. దసరా తర్వాత పిల్లలు తగ్గారని సంస్థకు నవంబరులోనే తెలుసు. అప్పుడే ఫోన్ చేసి చెప్పి, డిసెంబరులో లిఖితపూర్వకంగా పంపితే, కంపెనీ తన కమిటీ ముందు పెట్టి ప్రణాళిక మార్చుకోవడానికి మూడు నెలలు చేతిలో ఉంటాయి.

దాతల వైపు కూడా దిద్దుకోవలసింది ఉంది. రెండో విడత సొమ్మును తలల సంఖ్యకే ముడిపెడితే, రంగ్‌పూర్‌లో అప్పులిచ్చిన ఉద్యోగి చేసిందే ఇక్కడి ట్యూషన్ పంతులూ చేస్తాడు. ఎటూ చదువుకునే పిల్లల్ని పిలిచి కూర్చోబెడతాడు, వలస వెళ్లే ఇంటి గుమ్మం తొక్కడు. ఒప్పందం రాసేటప్పుడే ఆ ఇళ్ల పిల్లలు ఎంతమంది అన్నది విడిగా ఒక గడిగా పెట్టి, ఆ గడిలో సంఖ్య తక్కువొచ్చినా విడత ఆపబోమని రాసిస్తే, అందులో నిజమైన అంకె పడుతుంది.