కోతలో మోత: చాటర్‌కు స్పిండిల్ వేగమే విరుగుడు

మిల్లింగ్‌లోనూ టర్నింగ్‌లోనూ టూల్ లోహాన్ని కోస్తూ ఉన్నట్టుండి కీచుమని మోత పెట్టి, జాబ్ మీద అలల్లాంటి గీతలు వదలడాన్ని చాటర్ అంటారు. 1907లోనే అమెరికన్ ఇంజనీరు ఎఫ్.డబ్ల్యూ. టేలర్ దీన్ని మెషినిస్టులకు అంతుపట్టని చిక్కుల్లో ఒకటిగా గుర్తించాడు. దీని అసలు కారణం 1950ల నాటి పరిశోధనల్లో తేటపడింది.

ఎంత గట్టి టూల్ అయినా కోత బలానికి కాస్త వంగి, తన సహజ పౌనఃపున్యానికి దగ్గరగా కంపిస్తుంది. అలా కంపిస్తూ కోసిన పన్ను, లోహం మీద చిన్న అలను వదిలిపోతుంది. వెనకే వచ్చే పన్ను ఆ అలనే కోయాలి. అదీ కంపిస్తూనే వస్తుంది. రెండు అలల ఎత్తుపల్లాలు కలిసి నడిస్తే చిప్ మందం ఒకేలా ఉంటుంది, కంపనం అణుగుతుంది. కలవకపోతే మందం క్షణక్షణం మారి, దానితో పాటు కోత బలమూ మారుతుంది. ఆ మార్పే కంపనాన్ని ఇంకా పెంచుతుంది. కోత లోతు ఒక హద్దు దాటాకే ఇది అదుపు తప్పుతుంది. అందుకే చాలామంది ముందు లోతు తగ్గిస్తారు. దానితో మోత ఆగుతుంది గానీ పని ఆలస్యమవుతుంది.

వేగం మార్చి కూడా అలలను కలపవచ్చు. ఉదాహరణకు నాలుగు పళ్ల, 10 మి.మీ. ఎండ్‌మిల్ అల్యూమినియంలో 4,800 ఆర్‌పీఎం వద్ద మోత పెడుతోందనుకుందాం. ఫోన్‌లోని శబ్ద విశ్లేషణ యాప్ ఆ మోత 800 హెర్ట్జ్ అని చూపింది. సెకనుకు 80 చుట్లు, చుట్టుకు నాలుగు పళ్లు కాబట్టి సెకనుకు 320 పళ్లు కోస్తున్నాయి. 800ను 320తో భాగిస్తే 2.5. అంటే పన్నుకూ పన్నుకూ మధ్య రెండున్నర అలలు పడుతున్నాయి, ఒకదాని గుట్ట ఎదుట మరొకదాని పల్లం వస్తోంది. పూర్తి అలలే పడాలంటే 800ను 60తో గుణించి, పళ్ల సంఖ్యతో భాగించాలి: 12,000 ఆర్‌పీఎం. మెషిన్ అంత వేగం అందుకోకపోతే అందులో సగం, 6,000. అప్పుడు సరిగ్గా రెండు అలలు పడతాయి. పన్నుకు 0.05 మి.మీ. ఫీడ్ అలాగే ఉండాలంటే ఫీడ్ రేటును నిమిషానికి 960 నుంచి 1,200 మి.మీ.కు పెంచాలి. మోత ఇంకా వినిపిస్తే, ఆ కొత్త పౌనఃపున్యాన్ని కొలిచి మళ్లీ లెక్క వేయాలి.

స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఇంత వేగం టూల్‌ను కాల్చేస్తుంది. లేత్‌లో అయితే కోసే పన్ను ఒక్కటే. జాబ్ 600 ఆర్‌పీఎంలో తిరిగితే, అదే 800 హెర్ట్జ్ కంపనానికి ఒక చుట్టులో 80 అలలు పడతాయి. అక్కడ వేగాన్ని కొద్దిగా కదిలించినా లెక్క తప్పుతుంది కనుక, ఒకే మంచి వేగాన్ని పట్టుకోవడం కుదరదు. దానికి బదులు కొన్ని సీఎన్‌సీ లేత్‌లు వేగాన్ని నిరంతరం పైకీ కిందికీ ఊపుతూ, అలలు ఒక తీరుకు రాకుండా చెదరగొడతాయి. వేగం బాగా తగ్గించడం ఇంకో మార్గం. అప్పుడు అలలు దగ్గర దగ్గరగా పడి, టూల్ పక్కభాగం వాటికి రాసుకుని కంపనాన్ని అణచివేస్తుంది.