ప్రమిదలో ఆముదం, బుడ్డిలో కిరసనాయిలు

మా అన్నగారి అబ్బాయి పి.యు.సి. రెండవ సంవత్సరం చదువుతున్నాడు. మొన్న వాడి భౌతికశాస్త్రపు జవాబులు మేము తిరగవేస్తూంటే ఒకచోట ఎర్రసిరా కొట్టివేత కనబడింది. "ఆముదం చిక్కన గనుక వత్తిలో ఎత్తుకు ఎక్కదు" అని వ్రాశాడు. "కంటికి కనబడేదే గదా, బాబాయ్!" అని వాడి వాదం. ఆ చిక్కు విప్పిన విధమే ఇక్కడ ప్రశ్నోత్తరాలుగా ఇస్తున్నాము.

తలతన్యత అనగానేమి?

ద్రవం లోపలి అణువును చుట్టూ ఉన్న అణువులు అన్ని వైపులకూ సమంగా లాగుతవి. పైతలం మీది అణువుకు పైన అట్టి తోడు లేదు, లోపలికే లాగబడుతుంది. అందుచేత తలం వీలైనంత చిన్నదిగా ముడుచుకొన జూస్తుంది. తలం మీద గీచిన గీతకు, మీటరు పొడవున, పనిచేసే బలమే తలతన్యత. తామరాకు మీది నీటిబొట్టు గుండ్రబడేది ఇందువల్లనే.

వత్తిలో నూనె ఏల ఎక్కుతుంది?

నూలుపోగుల నడుమ సన్నని సందులున్నవి. నూనె ఆ పోగులను తడిపి అంటుకుంటుంది; తలతన్యత దానిని పైకి లాగుతుంది. ఎక్కిన నూనె బరువు ఆ లాగుడుకు సరితూగినచోట ఆగుతుంది. ఆ ఎత్తు

h = 2T cosθ / (r d g)

ఇందులో T తలతన్యత, θ స్పర్శకోణం, r సందు వ్యాసార్ధం, d సాంద్రత, g గురుత్వ త్వరణం. సందు సగమైతే ఎత్తు రెట్టింపు.

ఆముదం ఎంత ఎక్కవలె?

సందు వ్యాసార్ధం 0.1 మిల్లీమీటరు, స్పర్శకోణం సున్న అనుకుందాము. ఆముదానికి T సుమారు 0.035 న్యూటన్/మీటరు, d 960 కిలోగ్రాములు/ఘనమీటరు. లెక్క కడితే 7.4 సెంటీమీటర్లు. కిరసనాయిలుకు 0.026, 800 తీసుకుంటే 6.6 సెంటీమీటర్లే! అనగా ఆముదమే ఒక పిసరు ఎక్కువ ఎక్కవలె. వత్తి సందులు గుండ్రని గొట్టాలు కావు గనుక ఇది అంచనా మాత్రమే.

మరి బుడ్డివత్తి నిలువుగా వెలుగుతూండగా, ప్రమిదవత్తిని నూనెలో పండబెట్టవలసి వచ్చుటేల?

ఇక్కడ పనిచేసేది స్నిగ్ధత. ద్రవపు పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా అడ్డుపడే గుణం. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఆముదపు స్నిగ్ధత కిరసనాయిలుకు కొన్ని వందల రెట్లు. పై సూత్రంలో స్నిగ్ధతకు చోటే లేదు. అది ఎత్తును మార్చదు, వేగాన్ని తగ్గిస్తుంది. మంట నూనెను త్రాగినంత త్వరగా ఆముదం అందదు. వత్తి మాడి బొగ్గవుతుంది. అందుకే దారి పొట్టిగా ఉండేటట్లు మన పెద్దలు వత్తికొసను నూనె దాపుననే ఉంచారు. మంట సెగ కూడ సాయపడుతుంది: 40 డిగ్రీల వద్ద ఆముదపు స్నిగ్ధత 20 వద్ద ఉన్నదానిలో నాల్గవ వంతే.

పరీక్షించాలంటే మంట అక్కరలేదు. రెండు నూలు వత్తులను ఒక్కొక్క ద్రవంలో వ్రేలాడదీసి, ఎక్కిన ఎత్తులు గుర్తుపెట్టండి. పది నిమిషాలకు కిరసనాయిలు ఎంతో ముందుంటుంది. ఆముదం మాత్రం మరునాటికి కూడ ఎక్కుతూనే ఉండవచ్చును.

మావాడు జవాబు తిరిగి వ్రాశాడు: "ఆముదం ఎక్కలేక కాదు, ఆలస్యంగా ఎక్కుతుంది."